‘ఇప్పిస్తాం’ అనే మాట దగ్గర పెన్ను ఆగాలి

డిగ్రీ అయిపోయాక కొందరికి దొరికే తొలి ఉద్యోగం విదేశీ చదువుల కన్సల్టెన్సీలో. కౌన్సెలర్‌గానో, కంటెంట్ రైటర్‌గానో చేరతారు. చేరిన వారంలోనే బ్రోచర్ ప్రూఫ్ చేతిలో పెట్టి ‘కాస్త భాష సరిచూడమ్మా’ అంటారు. అక్షరదోషాలు దిద్దేసి ఇస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ అసలు తప్పులు అక్షరాల్లో ఉండవు. ఆ కాగితాన్ని నమ్మి ఎక్కడో ఒక తండ్రి పొలం తాకట్టు పెడతాడు.

ఇలాంటి బ్రోచర్లలో తరచూ కనిపించే వాక్యం ఒకటి తీసుకుందాం: ‘అమెరికా టాప్ యూనివర్సిటీల్లో సీటు, 100 శాతం వీసా, చదువయ్యాక 3 ఏళ్ల ఉద్యోగం ఇప్పిస్తాం.’ ఇందులో దొంగ మాట ‘ఇప్పిస్తాం’. ఇచ్చేవాళ్లు ఎవరో చెప్పకుండా దాచేస్తుంది. సీటు ఇచ్చేది యూనివర్సిటీ. వీసా ఇచ్చేది కాన్సులేట్ అధికారి. ఉద్యోగం ఇచ్చేది అక్కడి కంపెనీ. దిద్దేవాళ్లు ముందు చేయాల్సింది నిర్ణయం ఎవరిదో వాళ్లనే వాక్యానికి కర్తగా తేవడం. ‘దరఖాస్తు నింపడంలో, పత్రాలు సిద్ధం చేయడంలో మేం సాయపడతాం. సీటుపై నిర్ణయం యూనివర్సిటీది’ అనగానే సగం అబద్ధం రాలిపోతుంది. ఇంకోమాట కూడా ఉంది. ఆఫర్ లెటర్ వస్తే అంతా అయిపోయినట్టు కాదు. చదువు ఖర్చుకు డబ్బుందని చూపాకే యూనివర్సిటీ ఐ-20 పంపుతుంది. అది లేకుండా ఎఫ్-1 వీసాకు వెళ్లలేరు. ఈ సంగతి సీటు గురించి రాసిన చోటే ఉండాలి.

ఇక వీసా. వీసాకు వచ్చిన ప్రతివారూ అక్కడే స్థిరపడాలనుకుంటున్నారనే అమెరికా చట్టం ముందుగా భావిస్తుంది. కాదని అధికారిని ఒప్పించాల్సింది విద్యార్థే. చాలామందికి చేతికొచ్చే ‘214(బి)’ తిరస్కరణ అర్థం ఇదే. కిటికీ ముందు కొద్ది నిమిషాల్లో తేలిపోయే విషయానికి అమీర్‌పేటలో కూర్చుని గ్యారంటీ ఎలా ఇస్తారు?

‘100’ తీసేయమంటే చాలామంది ‘96 శాతం సక్సెస్’ అని పెడతారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఎంతమందిలో 96 అని. ఉదాహరణకు ఏడాదిలో 60 మంది ఫీజు కట్టారనుకుందాం. 40 మంది ఇంటర్వ్యూకు వెళ్లారు. మొదటిసారి 18 మందికి, రెండోసారి వెళ్లి మరో 6 మందికి వీసా వచ్చింది. మొత్తం 24. తిరస్కరణ వచ్చాక ఫైలు వెనక్కి తీసుకున్న 15 మందిని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది 25. అందులో 24 అంటే 96 శాతం! అంకె తప్పు కాదు, పక్కన పెట్టిన మనుషులే కనిపించరు. దిద్దిన వాక్యం ఇలా ఉంటుంది: ‘గత ఏడాది మా ద్వారా ఇంటర్వ్యూకు వెళ్లిన 40 మందిలో 24 మందికి వీసా వచ్చింది. వారిలో 6 మందికి రెండో ప్రయత్నంలో.’ పైగా ఈ అంకెలకు రుజువు కార్యాలయంలో ఉండాలి. చూపలేమంటే ఆ వాక్యమే కొట్టేయాలి.

‘3 ఏళ్ల ఉద్యోగం’ అనేది మరీ గడుసు మాట. చదువయ్యాక వచ్చేది ఉద్యోగం కాదు, పని చేసుకునే అనుమతి. ఓపీటీ అనే ఆ అనుమతి ఏ కోర్సుకైనా 12 నెలలే. దానికీ ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవాలి. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల జాబితాలో మీ డిగ్రీ ఉండి, చేర్చుకున్న కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉంటే మరో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. అంటే ఎంబీఏ చదవబోయే అబ్బాయికి ఆ ‘3 ఏళ్లు’ చాలాసార్లు ఏడాదిగానే మిగులుతుంది. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటితే హోదాకే ముప్పు. ఈ నిబంధనలు మారుతుంటాయి గనుక ‘ఈ వివరాలు ఫలానా నెల నాటివి’ అని తేదీ వేయడం కూడా ఎడిటింగ్‌లో భాగమే.

వీటన్నిటికీ ఒకే మందు అన్నట్టు చుక్క గుర్తు పెట్టి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అనేస్తారు, అదీ చాలాసార్లు ఇంగ్లిష్‌లో. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకోవు. వాగ్దానం ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. అబద్ధం రాసి కింద సవరించుకోవడమూ కుదరదు.

‘ఇలా రాస్తే ఎవరొస్తారండీ, పక్కవాడు 100 శాతం అంటుంటే?’ అని యజమాని అడుగుతారు, అడగడం సహజమే. కొందరు తగ్గుతారు కూడా. కానీ వీసా రానివారు అదే బ్రోచర్ పట్టుకుని ఫీజు వెనక్కివ్వమని వచ్చినప్పుడు, వినియోగదారుల కమిషన్ ముందు తొలి సాక్ష్యం అదే అవుతుంది. అందుకే చివరి పేజీలో ఒక్క పేరా అడిగి మరీ రాయించండి: వీసా రాకపోతే మీ ఫీజులో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏది ఇవ్వరు అని.