రెండు ఆవుల లెక్క, బ్యాంకు బల్ల ముందు

కర్ణాటకలోని పాతపాళ్య చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి మాట తెలుగు. పహణి, రేషన్ కార్డు కన్నడం. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషు. బల్లకు అవతల కూర్చునే లోన్ ఆఫీసరు ఏ రాష్ట్రం నుంచి బదిలీ అయి వచ్చారో, ఆయనకు ఏ భాష వచ్చో ఆ రోజు దాకా తెలియదు. పాడి ఆవులకు అప్పు అడిగిన మనిషి ఇన్ని భాషల మధ్య ఇరుక్కుని మాట తడబడితే, ఆ తడబాటు అనుమానంగా మారుతుంది. పదేళ్లుగా ఆవులు మేపుతున్న మహిళ కూడా, రిపోర్టులో ఉన్న అంకె ఏదో చెప్పలేక, పాడి తెలియని మనిషిగా లెక్కకు వస్తుంది.

తప్పు ఆమెది మాత్రమే కాదు. రిపోర్టు రాసింది ఆమె కాదు. బాగేపల్లిలోనో చింతామణిలోనో ఎవరో పాత రిపోర్టులో పేరు మార్చి, అంకెలు కాస్త పెంచి అచ్చు తీసి ఇస్తారు. మౌఖికంలో ఆఫీసరు పరీక్షించేది ప్రధానంగా ఇదే: కాగితం మీది లెక్క ఈ మనిషిదేనా, అద్దెకు తెచ్చుకున్నదా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించినవే, కానీ పల్లె లెక్కకు దగ్గరగా ఉండేవి. రెండు సంకరజాతి ఆవులు ఒక్కొక్కటి 75,000 రూపాయలు. కొట్టానికి గచ్చు, నీళ్ల తొట్టి 30,000. గడ్డి కోసే యంత్రం, బీమా, ఇతర ఖర్చులు 30,000. మొత్తం 2,10,000. సొంత డబ్బు 30,000, అడిగే అప్పు 1,80,000. పదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లలో కడితే నెల కంతు సుమారు 3,900. వ్యవసాయానికీ, పాడి వంటి అనుబంధ పనులకూ ఇచ్చే అప్పుల్లో 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన, 2025 జనవరి 1 నుంచి. అంతకుముందు ఆ పరిమితి 1.6 లక్షలు. ఈ అప్పు ఆ హద్దులోనే ఉంది కాబట్టి, పొలం కాగితం తాకట్టు పెట్టమంటే ఈ నిబంధన మర్యాదగా గుర్తు చేయవచ్చు.

ఆఫీసరు మొదట అడిగేది పాల సంగతే. “రోజుకు ఎన్ని లీటర్లు?” రిపోర్టులో ఆవుకు 12 చొప్పున రెండిటికీ 24 లీటర్లు, ఏడాదంతా అని రాసి ఉంటుంది. ఆమె కూడా 24 అనేస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది. పాడి తెలిసిన ఆఫీసరు వెంటనే “ఏడాదంతానా?” అంటారు. సంకరజాతి ఆవు ఈనిన తర్వాత సుమారు 300 రోజులు పాలిస్తుంది. మళ్లీ ఈనేసరికి మొత్తం 400 రోజులు పట్టిందనుకుంటే, 100 రోజులు వట్టిగా ఉన్నట్టే. అప్పుడు రెండు ఆవుల సగటు రోజుకు 24 కాదు, 18 లీటర్లు. లీటరు 35 రూపాయలనుకుంటే రిపోర్టు ప్రకారం నెలకు 25,200 రావాలి. నిజానికి వచ్చేది 18,900. దాణాకు 8,400, బయట కొనే మేతకు 2,000, మందులకూ బీమాకూ 1,200 పోతే మిగిలేది 7,300. కంతు కట్టాక చేతికి 3,400.

ఈ 3,400 చిన్న మొత్తమే. అయినా ఆఫీసరు నమ్మేది దీన్నే. 25,200 అని చెప్పి నోరు తిరగక నిలబడటం కంటే, “ఆవు వట్టిపోయే రోజులు తీసేసి చెబుతున్నాను సార్, రోజుకు సగటున 18” అని చెప్పడం ఆమె వైపు తూకం మారుస్తుంది. ప్రభుత్వం లీటరుకు ఇచ్చే ప్రోత్సాహక ధనం ఎప్పుడు ఖాతాలో పడుతుందో చెప్పలేం కాబట్టి, అది కంతు లెక్కలో కలపకుండా ఉంచితే మేలు.

తర్వాతి ప్రశ్న చాలామంది ఊహించనిది. “రెండూ ఒకేసారి కొంటారా?” ఒకే నెలలో ఈనిన రెండు ఆవులు కొంటే రెండూ దాదాపు ఒకేసారి వట్టిపోతాయి. మూడు నెలలు పాలు సున్నా, దాణా మాత్రం తప్పదు, కంతు తప్పదు. మూడు కంతులకే 11,700 కావాలి. అందుకే నాబార్డు నమూనా ప్రాజెక్టుల్లో పశువులను ఐదారు నెలల ఎడంతో రెండు దఫాలుగా కొనమంటారు. జవాబు కూడా అదే కావాలి: “ఇప్పుడు ఒకటి, ఐదు నెలల తర్వాత ఇంకొకటి. అప్పు కూడా రెండు విడతలుగా ఇవ్వండి.” రెండో ఈతో మూడో ఈతో ఆవు, ఈని నెల దాటనిది కొంటానని కూడా చెబితే, సంత చూసిన మనిషి అని ఆఫీసరుకు అర్థమవుతుంది.

ఈ సీమలో మేత ప్రశ్న అంటే నీళ్ల ప్రశ్నే. బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుంది అని అడుగుతారు. ఆవుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత అనుకుంటే రెండిటికీ 50 కిలోలు. నీళ్లు సరిగ్గా పారితే పది గుంటల నేపియర్ గడ్డి దాదాపు సరిపోతుంది. బోరు వట్టిపోతే సరిపోదు. అప్పుడు రాగిగడ్డి వామి ఎంత ఉంది, కొనాల్సింది ఎంత అన్నది చెప్పగలగాలి. దాణాకు మాత్రం ఈ అప్పులోంచి డబ్బు వాడొద్దు. 2018–19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు పాడికీ వర్తిస్తుంది, రోజువారీ ఖర్చులకు అది వేరుగా అడగవచ్చు.

అన్నిటికంటే బిగుసుకుపోయే ప్రశ్న ఇంకొకటి: “సంఘం అప్పులు ఎన్ని?” చాలామంది ఒక్కటే అని, మిగతావి దాస్తారు. దాచి లాభం లేదు. ఆఫీసరు తెరపై క్రెడిట్ రిపోర్టు ముందే తెరిచి ఉంటుంది, వారం వారం కట్టే చిన్న అప్పులూ అందులో కనిపిస్తాయి. కాబట్టి మాట్లాడబోయే ముందు ఆమె తన రిపోర్టు తాను చూసుకోవాలి. క్రెడిట్ సమాచార సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అప్పు తీర్చినా తీరనట్టు చూపిస్తే, ముందే సరిచేయించుకోవచ్చు. తీరని అప్పు ఉంటే “నెలకు ఇంత కడుతున్నాను, ఇంకా ఇన్ని నెలలు ఉంది” అని ఆమె నోటితోనే రావాలి. ఆ కంతు పాల లెక్కలో తీసేస్తే ఎంత మిగులుతుందో కూడా చెప్పాలి. పైన మిగిలిన 3,400లోంచి సంఘానికి 2,500 పోతుంటే, మిగిలేది 900. అప్పుడు ఒక ఆవుకే అప్పు అడగడం మేలని చెప్పే ధైర్యం కూడా జవాబే.

బీమా గురించి ఒక మాట. చెవి ట్యాగు ఊడిపోతే పరిహారం పోయినట్టే. ట్యాగు పడితే ఎవరికి చెబుతావు అని అడిగే ఆఫీసరు లేకపోలేదు.

చేతిలో ఏముండాలి? పాల డెయిరీలో రోజూ ఇచ్చే చీటీలే. లీటర్లు, వెన్న శాతం, ఘనపదార్థాల శాతం, తేదీ. ఆరు నెలల చీటీలు దారం కట్టి తీసుకెళ్లి, బ్యాంకు పాసుబుక్కులో డెయిరీ డబ్బు పడిన తేదీలు పక్కన గుర్తు పెడితే, ఎదుటి భాష రాకపోయినా కాగితమే మాట్లాడుతుంది. లీటర్లు, నెల రాబడి, కంతు, మిగులు అనే నాలుగు అంకెలు కన్నడంలోనూ హిందీలోనూ చెప్పడం నేర్చుకుంటే చాలు.

బ్యాంకులకూ ఒక విన్నపం. అప్పు మంజూరుకు ముందు స్థలం చూడటం ఎలాగూ ఉంటుంది. ఈ మౌఖికం కూడా అప్పుడే, కొట్టంలోనే జరిగితే ఆవు, మేత, నీళ్లు అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి, భాష అడ్డం కాదు. ఇవ్వలేమని తేలితే అందుకు కారణం రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారి దరఖాస్తును శాఖ స్థాయిలో తిరస్కరించకూడదు, ఆ నిర్ణయం పై స్థాయిలో జరగాలి. అప్పు అడిగినవారికి కూడా ఒక మాట: “చూద్దాం, మళ్లీ రండి” అని ఇంటికి పంపితే, కారణం రాసిన ఆ కాగితం అడిగి తీసుకోండి.