‘అవును సార్’ ఎవరి జవాబు?

వైవా అయిపోయాక ఫ్రెండ్స్‌తో మనం చెప్పుకునే కథ ఒకటి. రికార్డింగ్‌లో ఉండేది ఇంకొకటి. ఆ రికార్డింగ్ విని ఎవరో రాసే ఒక పేజీ మూడోది. మార్కుల మీద అనుమానం వచ్చినప్పుడు మోడరేషన్ చేసే ఎగ్జామినర్ ముందు చూసేది ఆ మూడో దాన్నే. ఈ వారం ఆ పేజీ ఎలా రాస్తారో, ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

మోడరేషన్ అంటే మళ్లీ పరీక్ష పెట్టడం కాదు. ఒక ఎగ్జామినర్ చేయి జారవిడిచాడా, ఇంకొకరు మరీ బిగించారా, అందరికీ ఒకే కొలత పడిందా అని సరిచూడటం. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ టెస్ట్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, దాన్ని రికార్డ్ చేస్తారు. స్కోరు మీద రీ-మార్కింగ్ అడిగితే ఇంకో ఎగ్జామినర్ ఆ రికార్డింగే వింటారు. కాలేజీ వైవాలోనూ పని అదే.

ఒక ఉదాహరణ అనుకుందాం. గోనెగండ్ల నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరులో డిగ్రీ చదువుకునే కుర్రాడు. కెమిస్ట్రీ ప్రాక్టికల్ వైవా. ప్రయోగం మనందరికీ తెలిసిందే: ఫ్లాస్కులో సోడియం కార్బొనేట్, బ్యూరెట్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఇండికేటర్ మిథైల్ ఆరెంజ్. రికార్డింగ్‌లో ఇలా వినిపిస్తుంది:

“చివర్లో రంగు ఎలా మారుతుంది?”
“పింక్... సార్.”
“పింకా? పసుపు నుంచి ఆరెంజ్ కదా?”
“అవును సార్.”
“మరి ఫినాఫ్తలీన్ ఎందుకు వాడలేదు?”
(9 సెకన్లు నిశ్శబ్దం)
“సగంలోనే రంగు పోతాది సార్.”
“సగం అంటే?”
(ఫ్యాన్ మోత, మాట అందలేదు)

ఇప్పుడు తొందరలో రాసిన పేజీ చూడండి: “పసుపు నుంచి ఆరెంజ్‌కు మారుతుందని చెప్పాడు. కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారే దశలోనే ఫినాఫ్తలీన్ రంగు పోతుందని వివరించాడు.” చదవడానికి బాగుంది. కానీ రెండు వాక్యాలూ తప్పే. మొదటి జవాబు సార్ నోట్లోంచి వచ్చింది, కుర్రాడు తలూపాడంతే. రెండోదాంట్లో బైకార్బొనేట్ అన్న మాట కుర్రాడు అననేలేదు. సైన్స్ ప్రకారం ఆ వివరణ నిజమే, అందుకే రాసినవాళ్ల చేయి తనకు తెలిసింది కలిపేసింది. వాడికి అది తెలుసో లేదో రికార్డింగ్ చెప్పట్లేదు.

సరిగ్గా రాస్తే ఇలా ఉంటుంది:

1:10 – ప్రశ్న: చివర్లో రంగు మార్పు?
జవాబు: “పింక్”. ఎగ్జామినర్ సరైన రంగులు చెప్పాక “అవును”.
నోట్: సరైన జవాబు ఎగ్జామినర్‌దే. విద్యార్థి సొంతంగా చెప్పలేదు.

1:32 – ప్రశ్న: ఫినాఫ్తలీన్ ఎందుకు వద్దు?
జవాబు: 9 సెకన్ల తర్వాత, “సగంలోనే రంగు పోతాది”. సాయం లేదు.
నోట్: విషయం సరైనదే. కారణం అడిగారు, 1:48 నుంచి 1:53 వరకు వినపడలేదు. ఆ ముక్క మళ్లీ వినాలి.

తేడా గమనించారా? జవాబు గడిలో విద్యార్థి మాట మాత్రమే ఉంది. మన అభిప్రాయం నోట్‌లో ఉంది. ఎగ్జామినర్ అందించిన సాయం దాచలేదు. “పోతాది”ని “పోతుంది” అని దిద్దలేదు, ఎందుకంటే ఇక్కడ కొలిచేది కెమిస్ట్రీ, యాస కాదు. నిశ్శబ్దాన్ని సెకన్లలో రాశారు గానీ “భయపడ్డాడు” అని రాయలేదు. ఆలోచిస్తున్నాడేమో, ఎవరికి తెలుసు? మార్కు ఎంతో కూడా రాయలేదు. అది మోడరేటర్ పని.

రాసే పద్ధతి కష్టమేం కాదు. మొదటిసారి పెన్ను పక్కన పెట్టి మొత్తం వినాలి. రెండోసారి ఆపుతూ, టైమ్ వేసుకుంటూ ప్రశ్నా జవాబూ రాయాలి. ఒకే ప్రశ్నను సార్ మూడు రకాలుగా అడిగితే మూడూ రాయాలి, ఎందుకంటే మూడోసారికి ప్రశ్నే సులువైపోయి ఉండొచ్చు. నోట్స్ చివర్లో, మూడోసారి వింటూ రాయాలి. వినపడనిది ఊహించకూడదు.

పేజీ బాగుందో లేదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రికార్డింగ్ విననివాళ్లకి పేజీ ఇచ్చి, “ఏ జవాబు వీడు సొంతంగా చెప్పాడు, ఏది అందిస్తే చెప్పాడు?” అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే పేజీ మళ్లీ రాయాల్సిందే.

ఇక వైవాకి కూర్చునేవాళ్లకి ఒక మాట. సార్ జవాబు అందిస్తే “అవును సార్” దగ్గర ఆగకండి. “అవును సార్, పసుపుగా ఉంటది, యాసిడ్ సరిపోయినాక ఆరెంజ్ అయితాది” అని మీ మాటల్లో పూర్తి చేయండి. అందించారన్న నోట్ ఎలాగూ పడుతుంది. కానీ దాని పక్కనే, జవాబు గడిలో, మీ మాట కూడా ఉంటుంది.