గోడ మీద యాభై మాటలు

సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ వాసులకు, బడుల ప్రధానోపాధ్యాయులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, కాలనీ సంక్షేమ సంఘాలకు విజ్ఞప్తి



నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్సు మ్యూజియం దాకా మన పిల్లలు ఏడాదికోసారైనా వెళ్తారో లేదో. బడి గోడ మీది శాస్త్రవేత్తల బొమ్మలను మాత్రం రోజూ చూస్తారు. ఆ బొమ్మ కింది నాలుగు ముక్కలే వాళ్లకు మ్యూజియం. పైగా మనది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పక్క ఊరు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు గోడ మీద ఏం కనిపించినా దాన్ని బిట్టుగా మార్చుకుని గుర్తుపెట్టుకుంటారు. అక్కడ ఒక్క సంవత్సరం తప్పు పడితే అది నోటుబుక్కులోకి, ఆ తర్వాత జవాబుపత్రంలోకి పోతుంది.

అందుకే మేం ఒక్కటే కోరుతున్నాం. మన ప్రాంతంలో బడి, గ్రంథాలయం, పార్కు, ఎక్కడ శాస్త్రవేత్త పేరుతో బోర్డు పెట్టినా, మంచి మ్యూజియం తన గోడ మీది చీటీని రాసే పద్ధతిలోనే దాన్ని రాయాలి. ఆ పద్ధతి ఎలా ఉంటుందో మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బోర్డునే తీసుకుని చూపిస్తాం.

మామూలుగా కనిపించే తరహా బోర్డు ఇలా ఉంటుంది. ఇది మేం నమూనాగా రాసింది, ఏ ఒక్క గోడనూ ఉద్దేశించి కాదు.

“మహా మేధావి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో జన్మించారు. ప్రపంచంలో మొట్టమొదట ఏటీపీని కనిపెట్టింది వీరే. టెట్రాసైక్లిన్‌ను, క్యాన్సర్ మందును కనిపెట్టి నేటికీ కోట్లాది ప్రాణాలు కాపాడుతున్నారు. నోబెల్ బహుమతి రాకపోవడం దురదృష్టకరం. 1948 ఆగస్టు 9న 54 ఏళ్ల వయసులో పరమపదించారు.”

చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు దీన్ని ఒక్కో ముక్కగా పరీక్షిద్దాం.

ముందు వయసు. ఆయన పుట్టింది 1895 జనవరి 12న, పోయింది 1948 ఆగస్టులో. అంటే 53 ఏళ్లు నిండి, 54వ ఏడు నడుస్తోంది. “54వ ఏట” అంటే సరిపోయేది, “54 ఏళ్ల వయసులో” అంటే తప్పు. ఈ తప్పు పట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అయిదో తరగతి తీసివేత చాలు. అసలు మంచి చీటీలో వయసే రాయరు. రెండు సంవత్సరాలు పక్కపక్కన ఉంటే చదివేవాడే లెక్కేసుకుంటాడు, రాసేవాడికి తప్పు చేసే దారి ఒకటి తగ్గుతుంది.

తర్వాత చనిపోయిన తేదీ. కొన్ని గ్రంథాల్లో ఆగస్టు 8 అని, కొన్నిటిలో ఆగస్టు 9 అని ఉంది. ఇలాంటప్పుడు మనకు నచ్చినదాన్ని గోడకెక్కించకూడదు. ఏది ఖాయంగా తెలుసో అంతవరకే రాయాలి: 1948. ఆ రెండు తేదీలూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఫైల్లో రాసి పెట్టాలి. ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్న పది చోట్ల ఒకే తేదీ కనిపించినా అది ఒక్క సాక్ష్యమే అవుతుంది తప్ప పది కాదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా జారిపడే చోటు, ఎవరి పని ఎవరిదన్నది. హార్వర్డ్‌లో సుబ్బారావు గారు ఒంటరిగా పని చేయలేదు, సైరస్ ఫిస్క్‌తో కలిసి చేశారు. 1925లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ ప్రచురించారు. ఆ పద్ధతి నేటికీ వాళ్లిద్దరి పేరుమీదే ఉంది. ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో చూపగలిగారు. 1929లో ఏటీపీని గుర్తించారు. అయితే అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా వేరుగా ఏటీపీని కనుగొన్నాడు. కాబట్టి “ప్రపంచంలో మొట్టమొదట” అన్న మాట నిలవదు. “ఫిస్క్‌తో కలిసి” అంటే నిలుస్తుంది. ఆయన గొప్పతనం అందువల్ల వీసమెత్తు తగ్గదు.

టెట్రాసైక్లిన్ సంగతీ అంతే. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చేరి తర్వాత దాన్ని నడిపించారు. ఆ రోజుల్లో అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. టెట్రాసైక్లిన్ అనే పేరున్న మందు సుబ్బారావు గారు పోయిన తర్వాత వచ్చింది. ఆ అన్వేషణ ఆయన పర్యవేక్షణలో సాగిందనడం న్యాయం. ఆయనే కనిపెట్టారనడం డగ్గర్ కష్టాన్ని మన గోడ మీద చెరిపేయడం.

క్యాన్సర్ మందు దగ్గర ఇంకో చిక్కుంది, రెండు తేదీలూ నిజమే కావడం. లెడర్లీ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు 1947 చివర్లో ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఫలితాలు అచ్చయింది 1948 జూన్‌లో. మందు తయారైన ఏడాది, రోగికి ఇచ్చిన ఏడాది, ప్రచురించిన ఏడాది, మూడూ వేర్వేరు కావచ్చు. ఏ సంవత్సరం దేనిదో రాసేవాడికి ముందు తెలియాలి. పైగా వ్యాధి అప్పట్లో కొన్నాళ్లపాటే తగ్గింది, పూర్తిగా నయం కాలేదు. అది కూడా దాచకూడదు.

ఇక “నేటికీ” అన్న మాట. బోర్డు ఒకసారి బిగించాక పదిహేను ఇరవై ఏళ్లు అక్కడే ఉంటుంది. నేటికీ, ఇటీవల, ప్రస్తుతం అన్న మాటలు అన్నాళ్లు నిలవవు. మహా మేధావి, దురదృష్టకరం వంటివి ఎవరి బోర్డు మీదైనా అతుకుతాయి. ఒక్క సుబ్బారావు గారికే చెందే విషయానికి దక్కాల్సిన చోటును అవి మింగేస్తాయి. రాని బహుమతిని రాసే బదులు చేసిన పనిని రాద్దాం.

ఇవన్నీ సరిచేశాక మేం రాసిన చీటీ ఇది:

“యల్లాప్రగడ సుబ్బారావు
జీవరసాయన శాస్త్రవేత్త
1895, భీమవరం – 1948, అమెరికా

మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరాల్లో శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్ (1927), ఏటీపీ (1929) పదార్థాలను గుర్తించారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశాయి (1945). బోదకాలుకు డీఈసీ, పిల్లల రక్తక్యాన్సర్‌ను తొలిసారి తాత్కాలికంగానైనా తగ్గించిన అమినోప్టెరిన్ మందులను అందించాయి (1947).”

పై మూడు వరుసలు పక్కనపెడితే యాభై మాటలు దాటలేదు. నిలబడి చదివే మనిషి అరనిమిషంలో ముగిస్తాడు. 1925 నాటి ఫాస్ఫరస్ పద్ధతి, 1930లో వచ్చిన హార్వర్డ్ డాక్టరేటు, డగ్గర్ ఆరియోమైసిన్, 1995లో మన తపాలా శాఖ వేసిన స్టాంపు, ఇవన్నీ నిజాలే అయినా వదిలేశాం. బోదకాలు మందును మాత్రం వదల్లేదు. ఫైలేరియా మాత్రలు పంచడానికి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చినప్పుడు ఇచ్చే డీఈసీ మన పెద్దలకు తెలిసిన మాత్ర. ఆ మాత్ర వెనక భీమవరం మనిషి ఉన్నాడని తెలిస్తే పిల్లవాడు బోర్డు ముందు ఇంకాస్సేపు నిలబడతాడు.

ఈ జాగ్రత్త ఒక్క సుబ్బారావు గారి విషయంలోనే కాదు. మన నగరంలోనే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. “మలేరియా క్రిమిని కనిపెట్టినవాడు రాస్” అని రాస్తే తప్పు. దాన్ని మనిషి రక్తంలో 1880లోనే లావెరాన్ చూశాడు. దోమ కుట్టడం వల్ల జబ్బు పక్షుల్లో ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుందని రాస్ నిరూపించింది ఇక్కడ కాదు, 1898లో కలకత్తాలో. 1902లో నోబెల్ వచ్చింది. వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు చేసిన పనిని ఒక్క క్రియాపదంలో కూరితే ఇలాగే అవుతుంది.

కాబట్టి మేం కోరేవి ఇవి:

1. బోర్డు మీది మాటలు యాభై దాటకూడదు. పుట్టిన, పోయిన సంవత్సరాలు కాక, పనికి సంబంధించి నాలుగైదు సంవత్సరాలే ఉండాలి.

2. ప్రతి సంవత్సరానికీ ఒకదాన్నుంచి ఒకటి తీసుకోని రెండు ఆధారాలు చూడాలి. కనుగొన్నదాని విషయంలో వీలైతే ఆనాటి పరిశోధన పత్రాన్నే చూడాలి. ఆధారాల జాబితా బడి ఆఫీసు ఫైల్లో ఉండాలి, అడిగినవారికి చూపాలి.

3. కలిసి పని చేసినవారి పేరు, లేదా కనీసం బృందం అన్న మాట, తప్పక ఉండాలి.

4. డీటీపీ సెంటర్లో యూనికోడ్ నుంచి అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, అంకెలు తారుమారవుతాయి. అందుకే రాతప్రతిని చూసి సరిపెట్టుకోకుండా, మార్చిన తర్వాతి ప్రూఫును రాసినవారు కాక మరొకరు అంకె అంకె చదివి సంతకం చేయాలి.

5. మొదటే ఫ్లెక్సీకో ఫలకానికో పోకూడదు. మామూలు కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, పిల్లల కళ్ల ఎత్తులో ఒక నెల గోడకు అంటించాలి. పిల్లలు చదివి ఏం అర్థమైందో తిరిగి చెప్పాలి. తప్పు పట్టిన పిల్లవాడిని అసెంబ్లీలో మెచ్చుకోవాలి. ఆ తర్వాతే శాశ్వత బోర్డు.

6. బోర్డు కింది అంచున రాసిన సంవత్సరం, తప్పుంటే ఎవరికి చెప్పాలో చిన్న అక్షరాల్లో ఉండాలి.

వీటిలో ఏదీ డబ్బుతో ముడిపడింది కాదు. కాగితం, ఫైలు, ఇద్దరు ఓపికగల టీచర్లు, గ్రంథాలయంలో కొన్ని సాయంత్రాలు చాలు. ఉన్న బోర్డులన్నీ ఒక్కసారిగా పీకేయమని కూడా మేం అనడం లేదు. ప్రతి బడీ ముందు ఒక్క బోర్డును తీసుకుని పై పద్ధతిలో పరీక్షించాలి. సుబ్బారావు గారి జయంతి జనవరి 12. ఆ రోజుకు సరిచేసిన తొలి చీటీ మీ గోడ మీద ఉండాలి, దాని ఫైలు మీ బీరువాలో ఉండాలి. మీ కాలనీ సంఘం వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని ఎజెండాలో చేర్చండి, మీ పిల్లల బడిలో అడగండి.

ఇట్లు,
సరూర్‌నగర్ వాసులు కొందరు