మదీనా దగ్గర కాదు, అఫ్జల్‌గంజ్‌లోనే స్టీరింగ్ తిప్పండి

ప్రతి రమజాన్‌లో జుమతుల్ విదా రోజు అదే తమాషా. మక్కా మసీదులో నమాజ్ కోసం చార్మినార్ నుంచి మదీనా దాకా, ముర్గీ చౌక్ దాకా, శాలిబండ రాజేష్ మెడికల్ హాల్ దాకా రాస్తాలు మూసేస్తారు. ముందురోజే పోలీసుల ప్రకటన అందరి వాట్సాప్‌లోకీ వస్తుంది. అయినా మధ్యాహ్నానికి మదీనా చౌరస్తాలో బారికేడ్ ముందు కార్లు ముక్కు పెట్టి హారన్లు కొడుతుంటాయి. ఓసారి మా ఫూఫీని డయాలసిస్ నుంచి ఇంటికి తెస్తూ నేనూ అక్కడే ఇరుక్కున్నాను. ముప్పావు గంట. తప్పు నాదే, ప్రకటన సరిగ్గా చదవలేదు.

మనం అందులో మూసిన రోడ్ల పేర్లే చూస్తాం. అసలు చూడాల్సింది మళ్లించే చోటు. ‘నయాపూల్ నుంచి చార్మినార్ వెళ్లే వాహనాలను మదీనా జంక్షన్ దగ్గర సిటీ కాలేజ్ వైపు మళ్లిస్తారు’ అని రాస్తే, మదీనాలో కుడివైపు తిప్పడమే మిగిలిందని అర్థం. మీరు ఫలక్‌నుమా వెళ్లాలంటే ఆ దారి మిమ్మల్ని పడమరకు లాక్కుపోతుంది. అందుకే నిర్ణయం అంతకుముందే, మూసీ దాటకముందే జరగాలి. అఫ్జల్‌గంజ్ దగ్గరే ఎడమకు తిరిగి చాదర్‌ఘాట్, సైదాబాద్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా పోవాలి. దూరం ఎక్కువే, కానీ బండి కదులుతుంది.

రోడ్డు మీద పెట్టే బోర్డులకూ ఒక జబాన్ ఉంది. గుండ్రటిది హుకుం, త్రిభుజం ఖబర్‌దార్, దీర్ఘచతురస్రం దారి చెప్పేది. పసుపు మీద నల్ల బాణం ఉంటే అది తాత్కాలికం, మామూలు బోర్డు ఏం చెప్పినా ఇవాళ దీని మాటే వినాలి. బోర్డుకూ సిగ్నల్‌కూ పైన కానిస్టేబుల్ చెయ్యి. పచ్చలైటు ఉన్నా ఆయన అరచేయి చూపితే ఆగాల్సిందే. బారికేడ్ల మధ్య బైకు పట్టేంత సందు కనిపిస్తే అది మనకోసం కాదు, అంబులెన్స్ వస్తే తీయడానికి వదిలింది.

బిరాదరీకి ఒక శికాయత్ కూడా ఉంది. మీలాద్ జులూస్ అయినా, మొహర్రంలో బీబీ కా ఆలం అయినా మన వాలంటీర్లంతా జెండాల దగ్గరే ఉంటారు. 2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు పడితే మన పెద్దలు జులూస్‌ను అక్టోబర్ 1కి జరిపారు. అంత సమఝ్‌దారీ ఉన్నవాళ్లకి, మూసిన రోడ్డుకు ఒక చౌరస్తా ముందు నలుగురు కుర్రాళ్లను నిలబెట్టడం ముష్కిలా? బోర్డు బారికేడ్ పక్కనే ఉంటే డ్రైవర్‌కి దక్కేది రివర్స్ గేరే. వెనక పది బండ్లుంటే అదీ లేదు. ‘భాయ్, ముందు బంద్ ఉంది, ఇటు పోండి’ అని చెప్పే మనిషి కావాల్సింది అఫ్జల్‌గంజ్‌లో, మదీనాలో కాదు. ఆ కార్లో వెనక సీట్లో ఎవరి ఫూఫీ ఉందో మనకేం తెలుసు?