కాదని చెప్పే ఉత్తరం

"మీ అర్హతలు మా అవసరానికి మించినవి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకునే హెచ్‌ఆర్ వాళ్లంటే నాకు చిరాకు. పొగిడారో, వయసు చూసి పక్కన పెట్టారో చదివినవాళ్లకు అర్థం కాదు. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీ, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం అనుకోండి. అడిగింది 2 నుంచి 4 ఏళ్ల అనుభవం. దరఖాస్తు పెట్టింది 14 ఏళ్లు పనిచేసి, పదిమంది టీమ్‌ను నడిపిన ఫైనాన్స్ మేనేజర్. ఆయనకు రాయాల్సింది అసలు సంగతే: "ఈ పనిలో ఎక్కువ భాగం బిల్లుల ఎంట్రీ, బ్యాంకు లెక్కలు సరిచూడటం. ఇప్పట్లో ప్రమోషన్ అవకాశం లేదు. మీ అనుభవానికి ఇక్కడ పని దొరకదు." అయితే ఇది రాసేముందు ఆయనకు ఒక్క ఫోన్ చేయాలి, ఎందుకంటే అమ్మానాన్నల దగ్గర ఉండాలని కావాలనే మెట్టు దిగేవాళ్లూ ఉంటారు. ఇక "భవిష్యత్తులో సంప్రదిస్తాం" అన్న మాట. ఏ హోదాకో చెప్పకపోతే అది వట్టి మర్యాద. "ఫైనాన్స్ కంట్రోలర్ స్థాయి ఖాళీ వస్తే మీకు రాయమంటారా? అందాకా మీ వివరాలు మా దగ్గర ఉంచుకోవచ్చా? మీరూ నాకు నేరుగా రాయండి" అంటే చాలు. అలాంటి ఖాళీ వచ్చే సూచనే లేకపోతే, దయచేసి ఆ వాక్యం కొట్టేయండి.