ఒక్క ఫ్రేమే కదా అని కోసేయకండి!

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కాగడాల వెలుగులో మావాడు తీసిన క్లిప్ అది. కర్రల సమరం మాంచి ఊపులో ఉండగా స్క్రీన్ మొత్తం ఒక్కసారి ఆకుపచ్చగా మెరిసి మాయమైంది. ఇంకో ప్లేయర్‌లో చూసినా సరిగ్గా అక్కడే మెరుపు. అంటే ఫైల్‌లోనే ఆ ఫ్రేమ్ పాడైందన్నమాట.

మావాడు దాన్ని కోసేసి, వెనకున్న వీడియోను ముందుకు లాగేశాడు. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. సౌండ్ కదల్లేదు, బొమ్మ మాత్రం ఆ మేరకు ముందుకొచ్చింది. ఒక్కటైతే ఎవరికీ తెలీదు. కానీ వాడు అలాంటివి 5 కోశాడు! చివర్లో కర్ర తగిలిన 200 మిల్లీసెకన్లకు గానీ ‘ఠక్’ వినపడదు. పోనీ సౌండ్‌నీ కలిపి కోద్దామంటే డప్పు దెబ్బ మధ్యలో తెగి టిక్కుమంటుంది.

అందుకే కోయకూడదు, కప్పాలి. మెరుపుకు ముందున్న ఫ్రేమ్‌ను ఫొటోగా సేవ్ చేసుకుని, పై లేయర్‌లో పాడైన ఫ్రేమ్ మీద సరిగ్గా ఒక్క ఫ్రేమ్ నిడివికి పెట్టండి. కింది వీడియో, ఆడియో జోలికి పోవద్దు. ‘ఫ్రీజ్’ బటన్‌తో జాగ్రత్త! చాలా యాప్‌లలో అది కొత్త ముక్కను మధ్యలో దూర్చి మిగతాదంతా వెనక్కి నెడుతుంది. ముందూ వెనకా ఫ్రేములను కలిపి కొత్తది చేయొచ్చు గానీ, ఇంత వేగంగా తిరిగే కర్రలు రెండేసి కనిపిస్తాయి.

అయ్యాక క్లిప్ మొత్తం నిడివి మునుపటిలాగే ఉందో లేదో చూసి, చిట్టచివరి కర్ర దెబ్బ దగ్గర ఒకసారి చెవి పెట్టండి.