తాగే నీళ్లు: కుళాయా, క్యానా, బాటిలా?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఇళ్లలో తాగే నీళ్ల లెక్క ఉప్పుతోనే మొదలవుతుంది. సముద్రం దగ్గర కావడంతో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, దానికి ఆర్వో కావాల్సిందే.

కుళాయిలో వచ్చేది కృష్ణా కాలువ నీరైతే సంగతి వేరు. దాన్ని చెరువుల్లో నిల్వచేసి, వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. అందులో ఉప్పు తక్కువ. భయమల్లా దారిలో పైపు పగిలి మురుగు కలవడమే. కాబట్టి ఇంట్లో ఫిల్టర్ పోసి మరిగించుకుంటే సరిపోతుంది.

ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి రోజుకు 20 లీటర్లు అనుకుందాం. లీటరు బాటిల్ 20 రూపాయల చొప్పున నెలకు 12,000 రూపాయలు, పైగా 600 ఖాళీ సీసాలు. అదే క్యాన్ 15 రూపాయలకు దొరికితే నెలకు 450. చెత్త కూడా ఉండదు. కానీ క్యాన్ సరిగ్గా కడగకుండా నింపితే శుద్ధిచేసిన నీళ్లు కూడా పాడవుతాయి. లోపల చెయ్యి పెడితే జిగురు తగిలిందా, ఆ క్యాన్ వద్దు.

టీడీఎస్ మీటర్‌లో కుళాయి నీళ్లు 500 లోపు చూపిస్తే ఆర్వో అక్కర్లేదు. అయితే మీటర్ చెప్పేది ఉప్పు సంగతే, క్రిముల సంగతి కాదు. అందుకే మరిగించడం మానకూడదు.